మైక్రోటాస్క్ సైట్లలో గంటకు నిజంగా ఎంత వస్తుంది? కొత్తవాళ్లు ఏ పని పట్టుకోవాలి, ఏది వదిలేయాలి

తిరుపతి బైరాగిపట్టెడలో మాకు చిన్న నెట్ సెంటర్ ఉంది. డిగ్రీ పిల్లలు, ఇంటి దగ్గర ఉండే ఆడవాళ్లు వచ్చి అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, ఆన్‌లైన్‌లో చిన్న చిన్న పనులు చేస్తే డాలర్లు వస్తాయంట, నిజమేనా?" నిజమే. కానీ ఎంత వస్తుందన్నది సైట్ మీద కన్నా మీరు ఏ పని ఎంచుకుంటారన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. కిందటేడాది చిత్తూరులో ఉండే మా చెల్లెలికి ఇది మొదటి నుంచి నేర్పించాను. ఆమె ప్రతి అరగంటకూ నోట్‌బుక్‌లో లెక్క రాసింది. ఆ లెక్కనే ఆధారంగా పెట్టుకుని ఇది రాస్తున్నాను.

1. డబ్బు ఎవరు ఇస్తారు, ఎందుకు ఇస్తారు

ఒక కంపెనీ దగ్గర లక్ష ఫొటోలు ఉన్నాయి. ఏ ఫొటోలో ఆటో ఉంది, దేంట్లో లేదు అని మనుషుల చేత గుర్తు పెట్టించాలి. అందుకోసం ఉద్యోగులను పెట్టుకోకుండా, ఆ పనిని వేల ముక్కలు చేసి సైట్‌లో పెడుతుంది. ఒక్కో ముక్కకు కొన్ని పైసల నుంచి కొన్ని రూపాయల వరకు రేటు కడుతుంది. ఆ ముక్కే మైక్రోటాస్క్. పని పెట్టేవాళ్లను రిక్వెస్టర్ అంటారు. సైట్ మధ్యవర్తి మాత్రమే.

2005లో మొదలైన అమెజాన్ మెకానికల్ టర్క్ వీటిలో బాగా పేరున్నది. అందులో రిక్వెస్టర్ మనకిచ్చే మొత్తం మీద కనీసం ఇంకో 20 శాతం అమెజాన్‌కు ఫీజుగా కడతాడు. జర్మనీ వాళ్ల క్లిక్‌వర్కర్, ఇంకా మైక్రోవర్కర్స్, టొలోకా లాంటివీ ఇదే పద్ధతిలో పనిచేస్తాయి. సరైన సైట్ ఎప్పుడూ రిక్వెస్టర్ దగ్గరే డబ్బు తీసుకుంటుంది. పని ఇవ్వడానికి పని చేసేవాళ్ల దగ్గర ఒక్క రూపాయి కూడా అడగదు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే 8వ భాగంలో చెప్పే మోసాల్లో చాలా వాటి నుంచి బయటపడతారు.

మీరు పని పూర్తి చేయగానే డబ్బు రాదు. రిక్వెస్టర్ చూసి అప్రూవ్ చేయాలి, లేదా గడువు దాటితే దానంతట అదే అప్రూవ్ అవుతుంది. నచ్చకపోతే రిజెక్ట్ చేస్తాడు. అప్పుడు డబ్బు పోతుంది, దానితో పాటు మీ అప్రూవల్ రేట్, అంటే మీరు చేసిన పనుల్లో నూటికి ఎన్ని అప్రూవ్ అయ్యాయన్న లెక్క కూడా పడిపోతుంది.

2. గంటకు ఎంత: ముందు ఈ లెక్క అర్థం చేసుకోండి

మెకానికల్ టర్క్ మీద 2018లో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. 2,676 మంది చేసిన 38 లక్షల టాస్కుల రికార్డులను పరిశీలించారు. అందరినీ సంపాదన వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో నిలిచే వ్యక్తికి వచ్చింది గంటకు సుమారు 2 డాలర్లు. అమెరికా కనీస వేతనమైన గంటకు 7.25 డాలర్ల కన్నా ఎక్కువ వచ్చింది వందలో నలుగురికే.

అందులోనే ఇంకో విషయం ఉంది, నాకు అదే ముఖ్యమనిపించింది. రిక్వెస్టర్లను ఒక్కొక్కరిగా లెక్కేస్తే సగటున గంటకు 11 డాలర్లకు పైగానే ఇస్తున్నారు. మరి పనివాళ్లకు రెండే ఎందుకు వస్తున్నాయి? తక్కువ ఇచ్చేవాళ్లు పెట్టే పని చాలా ఎక్కువ కాబట్టి. మంచి రేటు టాస్క్ నిమిషాల్లో అయిపోతుంది. ఎవరికీ వద్దనిపించినది మాత్రం రోజంతా లిస్టులో అలాగే ఉంటుంది. మీరు సైట్ తెరవగానే కనిపించేది ఎక్కువగా ఆ మిగిలిపోయిన పనే. పై నుంచి వరసగా చేసుకుంటూ పోతే చివరికి మిగిలేది కూడా ఆ రేటే.

అందుకని లెక్క ఇలా వేయాలి:

```
అసలు గంట రేటు = చేతికి వచ్చిన డబ్బు ÷ కూర్చున్న మొత్తం గంటలు
```

"కూర్చున్న మొత్తం గంటలు" అంటే టాస్క్ వెతికిన సమయం, నియమాలు చదివిన సమయం, టెస్టులు రాసిన సమయం, రిజెక్ట్ అయిన పనికి పెట్టిన సమయం అన్నీ కలిపి. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. పని చేసిన నిమిషాలే లెక్కేసుకుని బాగానే వస్తోందనుకుంటారు.

3. మొదలుపెట్టే ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

మా సెంటర్‌లో ఎక్కువ మంది ఇరుక్కునేది పేరు దగ్గరే. మన వైపు ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పాన్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, బ్యాంకులో ఇంటిపేరు చివరికి పోయి ఉంటుంది. సైట్‌లో ఒక రకంగా, విదేశీ డబ్బును మన బ్యాంకుకు చేర్చే పేపాల్‌లో ఇంకో రకంగా పెడితే డబ్బు తీసుకునే రోజు వెరిఫికేషన్ ఆగిపోతుంది. కష్టపడి సంపాదించాక ఆ టెన్షన్ ఎందుకు? ముందే సరిచూసుకోండి. పాన్‌లో ఉన్న పేరునే అన్ని చోట్లా వాడండి. బ్యాంకు పేరు దానికి కలవకపోతే ముందు బ్యాంకులో మార్పించుకోండి.

రెండోది, ఒక మనిషికి ఒకే ఖాతా. హాస్టల్‌లో ఒకే వైఫై మీద నలుగురు ఖాతాలు తెరిస్తే, లేదా అక్కాచెల్లెళ్లు ఒకే ల్యాప్‌టాప్ వాడితే, చాలా సైట్లు దాన్ని ఒకరే నడిపే దొంగ ఖాతాలుగా చూస్తాయి. ఖాతా మూసేస్తే అందులో ఉన్న డబ్బు తిరిగి రాదు. ఇంట్లో ఇద్దరు చేయాలనుకుంటే సైట్ నియమాలు చదివి, అవసరమైతే ముందే సపోర్ట్‌కు రాసి అడగండి. అమెరికా టాస్కుల కోసం, మనం ఉన్న దేశాన్ని దాచే వీపీఎన్ పెట్టుకోవడమూ అంతే, ఈరోజు కాకపోతే విత్‌డ్రా రోజు దొరికిపోతారు.

చెక్‌లిస్ట్:

- పాన్ పేరు, బ్యాంకు పేరు, సైట్‌లో పేరు ఒకటే
- ఈ పనికి మాత్రమే ఒక కొత్త ఈమెయిల్
- విత్‌డ్రా కనీస మొత్తం ఎంత, ఏ దారిలో ఇస్తారు అన్నది చదవడం
- ఇండియా వాళ్లను తీసుకుంటున్నారో లేదో చూడడం
- మైకు ఉన్న వైరు ఇయర్‌ఫోన్
- తెలుగు టైపింగ్: ఫోన్‌లో జీబోర్డ్, కంప్యూటర్‌లో ఇన్‌స్క్రిప్ట్
- ఒక నోట్‌బుక్

4. మొదటి వారం ఎలా నడపాలి

మొదట ఒకటి లేదా రెండు సైట్లే తెరవండి. పది సైట్లలో ప్రొఫైల్ నింపడానికే రెండు రోజులు పోతాయి, దానికి ఎవరూ డబ్బివ్వరు.

ఖాతా తెరిచాక ముందు భాష, క్వాలిఫికేషన్ టెస్టులు పూర్తి చేయండి. తెలుగు మాతృభాష అని పెట్టి, టెస్ట్ ఉంటే రాయండి. మంచి పనులు చాలావరకు ఈ టెస్టుల వెనకే ఉంటాయి. కొన్ని టెస్టులకు రెండో అవకాశం ఉండదు. అందుకే రాత్రి పన్నెండింటికి నిద్రమత్తులో రాయకండి.

తర్వాత కొత్త రిక్వెస్టర్ పని దొరికినప్పుడు ఐదే ఐదు చేసి ఆగండి. అవి అప్రూవ్ అయ్యాకే మిగతావి చేయండి. మొదట్లో ఈ ఓపిక ఎందుకంటే, మీరు మొత్తం 100 టాస్కులు చేసినప్పుడు ఐదు రిజెక్ట్ అయినా రేట్ 95 శాతానికి దిగుతుంది. చాలా మంచి టాస్కులు 95 కన్నా పైన ఉన్నవాళ్లకే కనిపిస్తాయి. అదే వెయ్యి చేసినవాళ్లకు ఐదు రిజెక్టులు లెక్కలోకే రావు. కాబట్టి మొదటి వందా డబ్బు కోసం కన్నా రేట్ కోసం చేస్తున్నామనుకోండి.

నోట్‌బుక్‌లో నాలుగు గడులు చాలు: పని రకం, మొదలైన టైం, ముగిసిన టైం, అప్రూవ్ అయిన డబ్బు. వెతుకులాటను కూడా ఒక పని రకంగానే రాయండి.

5. మా చెల్లెలి రెండు వారాల లెక్క

లెక్క సులువుగా ఉండాలని డాలరుకు 85 రూపాయలు వేసుకున్నాం. మొదటి వారం ఆమె మొత్తం 12 గంటలు కూర్చుంది.

- ఖాతాలు, టెస్టులు: రెండున్నర గంటలు, డబ్బు లేదు
- వెతకడం, ఎదురుచూడడం: 2 గంటలు, డబ్బు లేదు
- సర్వేలు: 2 గంటలు, 1.10 డాలర్లు
- ఫొటోలకు గుర్తులు పెట్టడం: రెండున్నర గంటలు, రిజెక్టులు పోను 2.40 డాలర్లు
- సెర్చ్ ఫలితాలకు రేటింగ్: గంటన్నర, 4.50 డాలర్లు
- తెలుగు వాక్యాలు చదివి రికార్డ్ చేయడం: గంటన్నర, 7.50 డాలర్లు

మొత్తం 15.50 డాలర్లు. 12 గంటలతో భాగిస్తే గంటకు 1.29 డాలర్లు, అంటే సుమారు 110 రూపాయలు. పని చేసిన ఏడున్నర గంటలే లెక్కేసుకుని ఉంటే గంటకు 176 రూపాయలు అనుకునేది.

ఇప్పుడు ఒక్కో పనిని విడివిడిగా చూడండి. సర్వేల్లో గంటకు 47 రూపాయలు. ఫొటోల్లో 82. రేటింగ్‌లో 255. రికార్డింగ్‌లో 425. ఒకే మనిషి, అదే వారం, అదే కంప్యూటర్. పని రకం మారితే తొమ్మిది రెట్ల తేడా వచ్చింది.

రెండో వారం సర్వేలు పూర్తిగా మానేసింది. ఫొటోల్లో బాగా ఇచ్చేవాళ్లవే పట్టుకుంది. రికార్డింగ్ ప్రాజెక్ట్ అప్పటికే అయిపోయింది, అవి ఒకసారి చేస్తే మళ్లీ ఇవ్వరు. దాని బదులు తెలుగు ఆడియో విని రాసే పని దొరికింది. 10 గంటలు కూర్చుంటే 20 డాలర్లు, గంటకు 170 రూపాయలు.

కొత్తవాళ్లు మొదటి నెల గంటకు 80 నుంచి 120 మధ్య, కుదురుకున్నాక 150 నుంచి 250 మధ్య అనుకుంటే నిరాశపడరు. ఇది నేను మా సెంటర్‌లో చూసిన అనుభవం. పని లేని రోజులు కూడా ఉంటాయి. అందుకే దీన్ని నమ్ముకుని ఇంటి అద్దె, లోన్ కంతు పెట్టుకోవద్దని అందరికీ చెబుతాను. పిల్లలకు ట్యూషన్ చెప్పగలిగే వాళ్లయితే, నలుగురు పిల్లలున్న ట్యూషన్‌లో దీనికన్నా నిలకడగా వస్తుంది.

6. కొత్తవాళ్లు సమయం పెట్టదగ్గ పనులు

*తెలుగు గొంతు రికార్డింగ్.* తెర మీద వాక్యం వస్తుంది, చదివి రికార్డ్ చేయాలి. తెలుగు వచ్చినవాళ్లే చేయాలి కాబట్టి పోటీ తక్కువ. ఇంగ్లిష్ పనిలో ప్రపంచమంతా మనతో పోటీ పడుతుంది, ఇక్కడ అది ఉండదు. బెంగళూరుకు చెందిన కార్య అనే లాభాపేక్ష లేని సంస్థ ఇలాంటి భారతీయ భాషల పనులకు గంటకు కనీసం 5 డాలర్లు చెల్లిస్తుంది.

రిజెక్ట్ అయ్యేది ఎక్కువగా శబ్దం వల్ల. ఫ్యాన్ ఆపండి. తిరుపతిలో పొద్దున ఐదున్నర తర్వాత ఏదో ఒక వీధిలో మైకు మొదలవుతుంది, తొమ్మిదింటికి బండ్ల హారన్లు. మా చెల్లెలు మధ్యాహ్నం రెండు గంటలప్పుడు, బీరువా పక్కన దుప్పటి వేలాడదీసి కూర్చుని చదివింది. మొదటి ఐదు రికార్డింగులు ఇయర్‌ఫోన్‌లో మళ్లీ వినండి. "ప", "భ" దగ్గర ఊపిరి బుస్సుమని వినిపిస్తే మైకును నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు పెట్టండి.

ముఖం వీడియో అడిగే పనులూ ఉంటాయి. అది ఎక్కడ వాడతారో, తర్వాత తీసేయమంటే తీసేస్తారో ఒప్పందంలో చదవండి. స్పష్టంగా లేకపోతే వదిలేయండి. గొంతు విషయంలోనూ ఆ ఒప్పందం చదవాల్సిందే.

*ఆడియో విని రాయడం.* రేటు గంటకు కాదు, ఆడియో నిమిషానికి ఇస్తారు. ఇక్కడ చాలామంది మోసపోయామనుకుంటారు, నిజానికి అది లెక్క తెలియకపోవడమే. నిమిషానికి అర డాలరు అంటే గంటకు 30 డాలర్లు కాదు. ఒక నిమిషం ఆడియో రాయడానికి మీకు 12 నిమిషాలు పడితే గంటకు రెండున్నర డాలర్లు. ఆరు నిమిషాలకు తగ్గించుకుంటే 5 డాలర్లు. కాబట్టి ముందు ఒక్క నిమిషం ఆడియో రాసి చూసుకుని, ఆ తర్వాతే పని ఒప్పుకోండి.

మన జిల్లాల వాళ్లకు ఇందులో ఒక బలం ఉంది. చిత్తూరు వైపు మాటలో తమిళం కలిసిపోయి ఉంటుంది, బయటివాళ్లకు పట్టుకోవడం కష్టం. కానీ నియమం "విన్నది విన్నట్టు రాయాలి" అని ఉంటే "యాడికి పోతాండావు" అన్నదాన్ని "ఎక్కడికి వెళ్తున్నావు" అని దిద్దకూడదు. బాగా చదువుకున్నవాళ్లే ఈ తప్పు ఎక్కువ చేస్తారు, చెయ్యి తెలియకుండానే దిద్దేస్తుంది.

*సెర్చ్ ఫలితాలకు రేటింగ్.* ఎవరో వెతికిన మాట, దానికి వచ్చిన ఫలితం చూపిస్తారు. ఎంతవరకు సరిపోయిందో చెప్పాలి. మైక్రోసాఫ్ట్ వాళ్ల టాస్కుల సైట్ యూహెచ్‌ఆర్‌ఎస్‌లో ఇలాంటివి ఉంటాయి, దాంట్లోకి నేరుగా కాకుండా మధ్యవర్తి సంస్థల ద్వారా వెళ్తారు.

ఉదాహరణకు, "తిరుపతి రూమ్స్" అని వెతికారు. తమిళనాడు తిరుప్పూర్‌లోని హోటల్ ఫలితంగా వచ్చింది. పేరు దగ్గరగా ఉన్నా ఊరు వేరు, కాబట్టి సరిపోదు. తిరుపతి నుంచి తిరుమలకు టాక్సీ అద్దెల పేజీ వచ్చిందనుకోండి. ఊరు సరైనదే, వాళ్లకు కావాల్సింది మాత్రం గది. ఇది కూడా తక్కువ మార్కే. తిరుమల కొండ మీద గదుల బుకింగ్ పేజీ వస్తే? భక్తులు చాలామంది "తిరుపతి" అన్నప్పుడు వాళ్ల ఉద్దేశం కొండే. మనకది తెలుసు కాబట్టి మంచి మార్కు ఇస్తాం, నియమాలు కూడా ఒప్పుకుంటేనే. మీ అభిప్రాయం ఒకటి, గైడ్‌లైన్ ఇంకొకటి అయినప్పుడు గైడ్‌లైన్‌నే అనుసరించాలి.

ఎందుకంటే మధ్యమధ్యలో జవాబు ముందే తెలిసిన ప్రశ్నలు కలిపి పెడతారు. అవి ఏవో మనకు తెలియదు. వాటిలో తప్పులు పెరిగితే ఆ పని మీకు కనిపించకుండా పోతుంది. మిగతా వాటిలో మీ జవాబును అదే ప్రశ్న చేసిన ఇంకొందరి జవాబుతో పోల్చి చూస్తారు. ఉన్నట్టుండి టాస్కులు మాయమైతే వేగం ఎక్కువై తప్పులు పెరిగాయేమో చూసుకోండి. సగటు కన్నా చాలా తొందరగా చేసినా ఆపేస్తారు.

7. వదిలేయాల్సినవి

క్యాప్చా టైపింగ్, అంటే మనిషో కాదో తేల్చడానికి సైట్లు చూపించే వంకర అక్షరాలను చూసి కొట్టడం. వెయ్యి క్యాప్చాలకు అర డాలరు నుంచి ఒక డాలరు వరకు ఇస్తారు. ఒక్కోదానికి 10 సెకన్లు వేసుకున్నా వెయ్యికి దాదాపు 2 గంటల 45 నిమిషాలు. గంటకు 15 నుంచి 30 రూపాయలు. పైగా అవి దొంగ ఖాతాలు తెరిచేవాళ్లకే ఎక్కువ ఉపయోగపడతాయి.

యాప్‌కు ఐదు స్టార్లు ఇవ్వడం, హోటల్‌కు మంచి రివ్యూ రాయడం, మీ జీమెయిల్‌తో ఎక్కడో ఖాతా తెరిచి పాస్‌వర్డ్ వాళ్లకు ఇవ్వడం. వీటిలో డబ్బు వస్తుంది, కానీ అబద్ధపు రివ్యూ రాసి ఇంకొకరిని మోసం చేయడమే. మీ ఈమెయిల్ కూడా పోవచ్చు.

సర్వేలు. పదిహేను ప్రశ్నలు అడిగి "మీరు సరిపోరు" అని పంపేస్తారు. మా చెల్లెలు తొమ్మిది మొదలుపెడితే ఏడు మధ్యలోనే ఆగిపోయాయి. మొత్తం వదిలేయక్కర్లేదు, ముందే ప్రొఫైల్ చూసి పిలిచే సర్వే అయితే చేయండి.

8. ఇది మైక్రోటాస్క్ కాదు, మోసం

వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో "యూట్యూబ్ వీడియోకు లైక్ కొడితే 50 రూపాయలు" అని మెసేజ్ వస్తుంది. మొదట నిజంగానే 150 వేస్తారు. రెండో రోజు "ప్రీపెయిడ్ టాస్క్" అని వెయ్యి కట్టమంటారు, 1,300 తిరిగి ఇస్తారు. తర్వాత 5,000, తర్వాత 30,000. అప్పుడు "టాస్క్ తప్పు చేశారు, ఇంకో 50,000 కడితేనే మొత్తం వస్తుంది" అంటారు. మా సెంటర్‌కు వచ్చే ఒక అమ్మాయి ఇలాగే ఫీజు డబ్బు పోగొట్టుకుంది. ఆ రోజు ఆమె పక్కన కూర్చుని ఫిర్యాదు నింపాను, ఆ ముఖం నేను మర్చిపోలేదు.

ఇంకొకటి డాటా ఎంట్రీ కాంట్రాక్ట్. సంతకం చేయించుకుని, వారం తర్వాత "తప్పులు ఎక్కువ ఉన్నాయి, నష్టపరిహారం కట్టు" అని లాయర్ నోటీసు పేరుతో బెదిరిస్తారు. భయపడి డబ్బు కట్టకండి. మీ బ్యాంకు ఖాతా అద్దెకు అడిగేవాళ్లూ ఉన్నారు. ఇస్తే కేసు మీ మీదకు వస్తుంది.

డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి, cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టండి. ఎంత తొందరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

9. డబ్బు చేతికి తెచ్చుకోవడం

కనీస మొత్తం చేరగానే ఒకసారి విత్‌డ్రా చేసి చూడండి. ఎక్కువ పోగయ్యాక తీసుకుందామని ఆగకండి. పేరు తేడా, పాన్ సమస్య ఏదున్నా 10 డాలర్ల దగ్గరే బయటపడాలి, 200 డాలర్ల దగ్గర కాదు.

పేపాల్ అయితే పాన్, బ్యాంకు ఖాతా, డబ్బు దేనికి వస్తోందో చెప్పే పర్పస్ కోడ్ ఇవ్వాలి. ఇండియాలో ఆ డబ్బు పేపాల్‌లో నిలవ ఉండదు, నేరుగా బ్యాంకుకు వచ్చేస్తుంది. డాలరును రూపాయల్లోకి మార్చేటప్పుడు గూగుల్‌లో కనిపించే రేటు కన్నా తక్కువ ఇస్తారు, మీ గంట రేటులో అది కూడా తీసేయండి. పేపాల్ లాంటిదే అయిన పయొనీర్‌లో వాడకం తక్కువగా ఉన్న ఖాతాలకు ఏడాది ఫీజు ఉంటుంది. నెలకు వెయ్యి, రెండు వేలు వచ్చేవాళ్లకు అది భారమే, ఖాతా తెరిచే ముందే ఫీజుల పేజీ చూడండి.

ఈ డబ్బును కూడా ఆదాయపు పన్ను రిటర్నులో చూపించాలి. విత్‌డ్రా చేసిన తేదీ, డాలర్లు, వచ్చిన రూపాయలు అదే నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకుంటే ఆడిటర్ దగ్గర పది నిమిషాల్లో పని అయిపోతుంది.

నాలుగు వారాలయ్యాక నోట్‌బుక్ తీసి ఒక్కో పని రకానికీ గంట రేటు వేయండి. మీరు ముందే అనుకున్న కనీస రేటుకు తక్కువైన పనులను కొట్టేయండి. మా చెల్లెలు 120 అని పెట్టుకుంది. ఇప్పుడు ఆమె లిస్టులో మిగిలినవి రెండే: రేటింగ్, ఆడియో రాయడం. రికార్డింగ్ ప్రాజెక్ట్ వచ్చినప్పుడు మాత్రం ఆ రెండూ పక్కన పెట్టి, ఫ్యాన్ ఆపి కూర్చుంటుంది.